ఠాకుమా సన్నిధిలో – వంగభాషలో మన్నన, మమత

పెద్దలను సంబోధించునప్పుడు మన్నన చూపడం ప్రతి భాషలోను ఉన్నదే. అయితే ఆ మన్నన ఏ మాటలో దాగి ఉన్నదో, దానిని ఎంతవరకు పాటించవలెనో, ఎప్పుడు సడలించవలెనో ఒక్కొక్క భాషలో ఒక్కొక్క విధం. సొంత ఇంట్లో పుట్టి పెరిగినవారికి ఈ సంగతులు పాలతోపాటే అబ్బుతాయి. మరొక భాష మాట్లాడే ఇంటికి కోడలుగానో, అల్లుడుగానో వెళ్ళినవారు మాత్రం వాటిని పాఠంవలె నేర్చుకోవలసి వస్తుంది. అందులోను మామగారు, అత్తగారు చదువుకున్నవారైతే హిందీతోనో ఇంగ్లీషుతోనో కొంతకాలం కాలక్షేపం జరిగిపోతుంది. భర్త నాయనమ్మ దగ్గర ఆ వీలు లేదు. ఆమెకు తెలిసినది తన భాష ఒక్కటే. ఆమె మనస్సుకు దారి కూడా ఆ భాష ఒక్కటే.

ఒక తెలుగు యువతి వంగదేశపు కుటుంబంలో కోడలైనదని అనుకుందాం. ఇది అరుదైన సంగతి కాదు. ఖడ్గపూర్ రైల్వే పట్టణంలో తెలుగువారు తరతరాలుగా బెంగాలీల ఇరుగుపొరుగున నివసిస్తున్నారు. చదువులు, ఉద్యోగాలు కలిపిన జంటలు నేడు అన్ని నగరాలలోను ఉన్నాయి. ఆ యువతి మొదటిసారిగా భర్త నాయనమ్మను చూడడానికి నదియా జిల్లాలోని కృష్ణనగరానికి వెళుతున్నది. నదియా ప్రాంతపు పలుకుబడి శిష్టమైన వంగభాషకు ఆధారమని పేరు పొందినది. అక్కడి ముదుసలి చెవికి మాటలో తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఆమె యెదుట ఈ యువతి ఏమని పిలవవలెను? ఏ క్రియను వాడవలెను? సెలవు తీసుకొనునప్పుడు ఏమనవలెను?

పిలుపు

ముందు పిలుపు సంగతి. తండ్రి తల్లిని వంగభాషలో ‘ఠాకుమా’ అంటారు. దేవునికి, పూజ్యులకు వాడే ‘ఠాకుర్’ అనే మాట, అమ్మ అనే అర్థం గల ‘మా’ కలిసి ‘ఠాకుర్‌మా’ అయి, వాడుకలో రేఫం జారిపోయి ఈ రూపం వచ్చినది. తల్లి తల్లిని ‘దిదిమా’ అని, ముద్దుగా ‘దిదా’ అని అంటారు. కొందరి ఇళ్ళలో ఠాకుమా ‘ఠామ్మా’, ‘ఠామ్మి’ అవుతుంది. దిదిమా ‘దిదున్’ అవుతుంది. ముస్లిం కుటుంబాలలో ఈ మాటలు ఉండవు. అక్కడ తండ్రి తల్లి ‘దాది’, తల్లి తల్లి ‘నాని’. ప్రణామానికి మారుగా సలాము.

భర్త నాయనమ్మకు వంగభాషలో ‘దిదిశాశుడి’ అనే బంధుత్వ నామం ఉన్నది. అయితే అది ఇతరులతో చెప్పేటప్పుడు వాడే మాటే గాని పిలుపు కాదు. పిలిచేటప్పుడు భర్త ఏ మాటతో పిలుస్తాడో కోడలు కూడా ఆ మాటతోనే పిలవవలెను. కనుక ప్రయాణానికి ముందే భర్తను అడిగి తెలుసుకోవలసిన మొదటి సంగతి, ఆ ఇంట్లో ఆమె ఠాకుమాయా, ఠామ్మాయా, దిదాయా అన్నది.

ఇక్కడ తెలుగువారు పొరపడే చోటు ఒకటి ఉన్నది. మనకు ‘గారు’ చేర్చనిదే తృప్తి కలగదు. హిందీ తెలిసినవారు ‘జీ’ చేర్చబోతారు. వంగభాషలో బంధుత్వ నామానికి ఏదీ తగిలించరు. ‘ఠాకుమా’ అన్న మాటలోనే మన్నన సంపూర్ణంగా ఉన్నది. ‘ఠాకుమాజీ’ అంటే ముసలమ్మ కోపగించుకోదు గాని, వచ్చినది పరాయి పిల్ల అని ఆ ఒక్క అక్షరమే చాటి చెబుతుంది. నాయనమ్మను పేరు పెట్టి పిలవరాదన్నది మన ఇళ్ళలో ఉన్న మర్యాదే కాబట్టి దానిని గురించి వేరుగా చెప్పనవసరం లేదు.

మూడు మెట్లు, ఒక నకారం

తెలుగులో ఎదుటివారిని ‘నువ్వు’ అనో ‘మీరు’ అనో అంటాము. వంగభాషలో ఈ మెట్లు మూడు. గౌరవానికి ‘ఆప్‌ని’, చనువుకు ‘తుమి’, మిక్కిలి చనువుకు, లేదా చిన్నచూపుకు ‘తుయి’. ఆప్‌ని మన ‘మీరు’వంటిది. తుమి మన ‘నువ్వు’. తుయి అన్నది ‘ఒరేయ్’, ‘ఒసేయ్’ అని పిలుస్తూ అనే ‘నువ్వు’. తల్లి బిడ్డను అన్నప్పుడు అది ముద్దు. తెలియనివారు అన్నప్పుడు అదే అవమానం.

సర్వనామం మారితే క్రియ కూడా మారవలెను. వ్యాకరణ గ్రంథంలో ఇది పెద్ద పట్టికగా కనిపించి విద్యార్థిని భయపెడుతుంది. నిజానికి జ్ఞాపకముంచుకోవలసినది ఒక్క అక్షరం. ‘తుమి కేమొన్ ఆఛో’ అంటే నువ్వు ఎలా ఉన్నావు. ‘ఆప్‌ని కేమొన్ ఆఛేన్’ అంటే మీరు ఎలా ఉన్నారు. ‘తుమి ఖేలే’ అంటే నువ్వు తిన్నావు. ‘ఆప్‌ని ఖేలేన్’ అంటే మీరు తిన్నారు. ‘తుమి ఖాబే’ అంటే నువ్వు తింటావు. ‘ఆప్‌ని ఖాబేన్’ అంటే మీరు తింటారు. ‘బోశో’ అంటే కూర్చో. ‘బొశున్’ అంటే కూర్చోండి. భూతకాలమైనా, భవిష్యత్తయినా, విధి అయినా గౌరవరూపం నకారంతో ముగుస్తుంది. మన ‘రు’, మన ‘అండి’ చేసే పనిని అక్కడ పొల్లు నకారం ఒక్కటే చేస్తున్నది.

అయితే మన పద్ధతికి, వారి పద్ధతికి ఒక ముఖ్యభేదం ఉన్నది. తెలుగులో గౌరవం బహువచనం నుండి వచ్చినది. ఒక్కరినే అయినా ‘మీరు వచ్చారు’ అంటాము. పదిమందినీ ‘మీరు వచ్చారు’ అనే అంటాము. వంగభాషలో గౌరవం వేరు, బహువచనం వేరు. ‘ఆప్‌ని’ ఏకవచనమే, పలువురైతే ‘ఆప్‌నారా’ అవుతుంది. క్రియ రెంటికీ ఒక్కటే. అందుచేత ఎక్కువ మన్నన చూపుతున్నాననుకొని ఠాకుమాను ‘ఆప్‌నారా’ అంటే, ఆమె తన వెనుక మరెవరైనా నిలబడి ఉన్నారేమోనని చూస్తుంది.

రెండవ పొరపాటు కూడా ఇటువంటిదే, మర్యాద మితిమీరి వచ్చేది. ఆరోగ్యం అడగాలంటే ‘ఆప్‌నార్ శోరీర్ కేమొన్ ఆఛే’ అనవలెను. మీ శరీరం ఎలా ఉన్నది అని దాని అర్థం. ఇక్కడ కర్త ఠాకుమా కాదు, శరీరం. శరీరానికి గౌరవం అక్కర లేదు గనుక చివర నకారం రాదు. నకారం నేర్చుకున్న కొత్త ఉత్సాహంలో ‘శోరీర్ కేమొన్ ఆఛేన్’ అంటే, ‘మీ ఒంటిగారు ఎలా ఉన్నారు’ అన్నట్లుంటుంది. ఎవరిని గురించి మాట్లాడుతున్నామో చూచుకొని క్రియను వాడితే ఈ చిక్కు ఉండదు.

భర్త భాష కోడలికి చెల్లదు

అన్నింటికంటె పెద్ద చిక్కు మరొక చోట ఉన్నది. ఆ యువతికి వంగభాష నేర్పేది ఎవరు? సామాన్యంగా భర్తే. అతడు ఇంటికి ఉత్తరం వ్రాసినా, టెలిఫోనులో మాట్లాడినా ఆమె వింటుంది. విన్న మాటలనే ఒంటపట్టించుకుంటుంది. కాని నేటి బెంగాలీ ఇళ్ళలో పెక్కింట మనుమలు నాయనమ్మను ‘తుమి’ అనే అంటారు. ‘ఠాకుమా, తుమి ఖేయేఛో?’ అని అతడు అడిగినప్పుడు అందులో అమర్యాద ఏమీ లేదు. మన పిల్లలు ‘అమ్మమ్మా, నువ్వు తిన్నావా’ అన్నంత సహజమది. ఆమె చేతుల మీద పెరిగిన హక్కు అది. అదే వాక్యాన్ని మొదటినాడే కోడలు పలికితే ఆ హక్కు లేకుండానే తీసుకున్నట్లవుతుంది. ఆమె పలకవలసినది ‘ఠాకుమా, ఆప్‌ని ఖేయేఛేన్?’ అని.

ఎదుట ఉన్నప్పుడు జాగ్రత్తపడినవారు కూడా చాటున మాట్లాడునప్పుడు తప్పిపోతారు. భర్త పక్కగదిలో నుండి ‘ఠాకుమా కీ బోల్‌లో?’ అని అడుగుతాడు. నాయనమ్మ ఏమన్నది అని. కోడలు జవాబు చెప్పేటప్పుడు ‘ఠాకుమా బోల్‌లేన్’ అనవలెను. ఠాకుమా అన్నారు అని. ఎదుటివారికి వాడే గౌరవక్రియ, లేనివారిని గురించి చెప్పే గౌరవక్రియ వంగభాషలో ఒక్కటే. కనుక మొదటిది వచ్చినవారికి రెండవది వచ్చినట్లే. చేయవలసినదల్లా మరచిపోకుండా ఉండడమే. ముసలివారు తమతో పలికే మాటలకంటె తమను గురించి పలికే మాటలను శ్రద్ధగా వింటారు.

సర్వనామంలో ఉన్న విశేషం తెలుగు ఉపాధ్యాయులకు ముచ్చట గొలుపుతుంది. సమానులను గురించి ‘అతని’, ‘ఆమె’ అనడానికి వంగభాషలో ‘ఓర్’, ‘తార్’ అంటారు. స్త్రీపురుష భేదం లేదు. గౌరవం కావలసినప్పుడు ఆ మాటలనే ముక్కుతో పలికి ‘ఓఁర్’, ‘తాఁర్’ అంటారు. వ్రాతలో దానికి గుర్తు చంద్రబిందువు. మన అరసున్నకు అన్నగారు. మన అరసున్న పలుకుబడిలో మాసిపోయి, పద్యాలలోను, వ్యాకరణాలలోను మిగిలినది. వంగభాషలో ఆ చిన్న నాసికాధ్వని నేటికీ ఒక మనిషిని మన్నించడానికీ మన్నించకపోవడానికీ మధ్య సరిహద్దుగా నిలిచి ఉన్నది. తూర్పు బెంగాలు పలుకుబడిలో ఈ ధ్వని బలహీనం. అందువల్లనో మరెందువల్లనో మాటలో ‘ఒనార్’ అనే రూపాన్ని కూడా విరివిగా వాడుతారు. అరసున్న నోట పలకనివారికి ఇది మంచి ఆధారం.

ప్రణామం, దీవెన

ఇంటిలో అడుగుపెట్టగానే చేయవలసినది ప్రణామం. వంగి, కుడిచేతితో పెద్దల పాదాలను తాకి, ఆ చేతిని తన నుదుటికి చేర్చుకోవడం అక్కడి ఆచారం. పెద్దలు పడుకొని ఉంటే లేచి కూర్చొనేవరకు ఆగవలెను. పడుకున్నవారికి ప్రణామం చేయడం అశుభమని చాలా ఇళ్ళలో భావిస్తారు.

ఆ వంగిన క్షణంలో ఠాకుమా నోట ‘థాక్, థాక్’ అనే మాట వస్తుంది. ‘ఉండనీ, ఉండనీ’ అని దాని అర్థం. తెలియని పిల్ల ఆమె వద్దంటున్నదేమోనని మధ్యలో ఆగిపోతుంది. అది నిరాకరణ కాదు. అంగీకారాన్ని వినయంతో చెప్పే పద్ధతి. ప్రణామం పూర్తి చేయవలసినదే. ఆ వెనువెంటనే దీవెన వస్తుంది. ‘బేఁచే థాకో’ అంటే బ్రతికి ఉండు. ‘శుఖే థాకో’ అంటే సుఖంగా ఉండు. పూర్వాచారం పాటించే ముత్తయిదువలు కోడళ్ళను ‘హాతేర్ నోవా అక్ఖయ్ హోక్’ అని కూడా దీవిస్తారు. నోవా అంటే పెళ్ళయిన స్త్రీ ధరించే ఇనుప గాజు. అది అక్షయం కావలెనని దీవెన. మన పెద్దలు పసుపు కుంకుమలతో కలకాలం ఉండమన్నట్లే. ఆపైన ఆమె చేయి చాచి కోడలి గడ్డాన్ని తాకి, ఆ వ్రేళ్ళను తన పెదవులకు చేర్చుకుంటుంది. మన ముసలమ్మలు దిష్టి తీసి మెటికలు విరిచినంత మమత ఆ సైగలో ఉన్నది. దానికి బదులు మాట అక్కరలేదు. తల వంచి నిలబడితే చాలు.

ఇంకొక మాట వినబడవచ్చును: ‘లొక్ఖీ మేయే’. ఇది వ్రాతలో ‘లక్ష్మీ’యే. వంగభాషలో క్షకారం పలుకుబడిలో ఖకారమవుతుంది, అకారం ఒకారం వైపు మొగ్గుతుంది. కనుక మన లక్ష్మి అక్కడ లొక్ఖి. బుద్ధిమంతురాలైన పిల్ల అని తాత్పర్యం. ఆ మాట విన్నవారు తమ అదృష్టానికి సంతోషించవచ్చును.

ఒక మధ్యాహ్నం

ఇప్పుడు కృష్ణనగరపు ఇంటికి వెళ్ళిన మన యువతి మధ్యాహ్నమంతా ఎలా మాట్లాడవచ్చునో చూద్దాం. ప్రణామం అయినది. ఆమె ముందుగా తన భాషను గురించి ఒక్క వాక్యం చెప్పుకోవడం మంచిది: ‘ఆమి బాంగ్లా ఎక్టు ఎక్టు బోల్తే పారి, ఠాకుమా. భుల్ హోలే శుధ్‌రే దేబేన్.’ కొంచెం కొంచెం వంగభాష మాట్లాడగలను, తప్పు వస్తే సరిదిద్దండి అని. ఈ వాక్యంలో రెండు ప్రయోజనాలున్నాయి. తప్పులకు ముందే మన్నింపు దొరుకుతుంది. ముసలమ్మకు గురుస్థానం దక్కుతుంది. ‘దేబేన్’ అన్నది ‘ఇస్తారు’ అనే భవిష్యద్రూపం. ‘దిన్’, అంటే ‘ఇవ్వండి’, అని నేరుగా విధించడంకంటె ఈ రూపం మెత్తనిది. పెద్దలను ఏదైనా కోరునప్పుడు ఇదే వాడడం సొంపు.

‘ఆప్‌నార్ శోరీర్ కేమొన్ ఆఛే, ఠాకుమా?’ అని ఆరోగ్యం అడిగితే, ‘ఎయి ఆఛి ఎక్‌రొకొమ్’ అన్న జవాబు రావచ్చును. ‘ఏదో ఇలా ఉన్నాను’ అని దాని భావం. ఇది దుఃఖవార్త కాదు. వయసు మళ్ళినవారు బాగున్నామని చెప్పే తీరు. ఆందోళన పడి రోగాలను గురించి ప్రశ్నలు వేయనక్కరలేదు.

ఠాకుమా ‘ఖేయేఛో?’ అంటుంది. తిన్నావా అని. ఆమె ‘తుమి’ అంటున్నది గనుక కోడలూ ‘తుమి’ అనవచ్చునని భావించరాదు. ఈ మర్యాదలో సమానత్వం లేదు. పైనుండి వచ్చేది ఒకటి, క్రింది నుండి వెళ్ళేది ఒకటి. జవాబు చెప్పేటప్పుడు ‘హ్యాఁ’ అనో ‘నా’ అనో ఒంటిమాటతో ఆపితే పొడిగా ఉంటుంది. పూర్వం పెద్దల ముందు ‘ఆగ్గే’ అనేవారు. వ్రాతలో అది ‘ఆజ్ఞే’, మన ‘చిత్తం’వంటిది. ఈ రోజులలో ఇంటి కోడలు ఆ మాట అంటే నాటకంలోని పలుకువలె ఉంటుంది. దానికి బదులు అవునన్నా కాదన్నా చివర ‘ఠాకుమా’ చేర్చితే చాలు. ‘హ్యాఁ, ఠాకుమా’, ‘నా, ఠాకుమా’. కాఠిన్యం తొలగిపోతుంది.

భోజనంలో మొదట చేదు కలిసిన కూరగాయల శుక్తో వడ్డిస్తారు. ఠాకుమా తానే వండి ఉంటే, ‘ఆప్‌నార్ హాతేర్ రాన్నా ఖూబ్ భాలో’ అనవచ్చును. ‘మీ చేతి వంట చాలా బాగున్నది’ అని. చేతి వంట అనే పలుకుబడి రెండు భాషలలోను ఒక్కటే కావడం మనకు కలిసివచ్చిన అదృష్టం. దాహం వేస్తే ‘జొల్ ఖాబో’ అనవలెను. వంగభాషలో నీళ్ళను, టీని కూడా ‘తింటారు’.

‘ఆర్ ఎక్టు దిఇ?’ అని ఆమె మళ్ళీ మళ్ళీ అడుగుతుంది; ఇంకొంచెం వడ్డించనా అని. చాలునంటే ‘ఆర్ నా, ఠాకుమా. పేట్ భోరే గేఛే’ అనవలెను. ఇక వద్దు, కడుపు నిండినది అని. వట్టి ‘నా’ అనడం ఇక్కడే ఎక్కువ నొప్పిస్తుంది. అన్ని పొగడ్తలకంటె ఆమెకు సంతోషం కలిగించే వాక్యం మరొకటున్నది: ‘శుక్తోటా ఆర్ ఎక్టు దేబేన్?’ శుక్తో మరికొంచెం వేస్తారా అని తానై అడగడం.

తిన్న తరువాత ‘ధొన్నొబాద్’ అని చెప్పవలెనా? ధన్యవాదమన్న మాట వంగభాషలో ఉన్నది గాని, సభలలోను, దుకాణాలలోను దాని చోటు. అమ్మ అన్నం పెడితే ధన్యవాదాలు చెప్పే అలవాటు మనకు లేనట్లే వారికీ లేదు. ఇంట్లో ఆ మాట అంటే ఋణం తీర్చి దూరం జరిగినట్లుంటుంది. ‘ఆప్‌నాకే దేఖే ఖూబ్ భాలో లాగ్‌లో’, మిమ్మల్ని చూచి చాలా సంతోషం కలిగినది, అంటే కృతజ్ఞత అంతా అందులో వచ్చినది.

మన్నన నుండి చనువుకు

ఇంతవరకు చెప్పినది మన్నన. మమత మాట ఏమిటి? ఏడాదులు గడిచినా ‘ఆప్‌ని’ దగ్గరే ఆగిపోయిన కోడలు ఎప్పటికీ అతిథే. వంగదేశపు ఇళ్ళలో నాయనమ్మకు, మనుమడి భార్యకు మధ్య వేళాకోళం ఆడుకొనే చనువు అనాదిగా ఉన్నది. మనుమడి భార్యను ‘నాత్‌బౌ’ అంటారు. మనుమరాలి భర్తను ‘నాత్‌జామాయి’ అంటారు. అత్తగారి దగ్గర నోరు విప్పని పిల్ల కూడా ఠాకుమా దగ్గర నవ్వవచ్చును, నవ్వించవచ్చును. కనుక మెట్టు దిగే రోజు ఒకటి వస్తుంది. అది ఎవరు నిర్ణయించవలెనన్నదే ప్రశ్న.

నిర్ణయించవలసినది పెద్దలే. ఒకనాడు ఠాకుమాయే అంటుంది: ‘ఆమాకే ఆప్‌ని బోల్తే హోబే నా, తుమి బోలో.’ నన్ను మీరు అననక్కరలేదు, నువ్వు అను అని. ఆ మాట విన్న తరువాత కూడా వినయమనుకొని ‘ఆప్‌ని’ని పట్టుకొని వేలాడడం ఆమె చాచిన చేయిని తోసినట్లవుతుంది. ఆనాటినుండే ‘తుమి’ అనవలెను. అప్పుడు నకారం కూడా పోతుంది: ‘ఠాకుమా, తుమి ఖేయేఛో?’ సర్వనామం మార్చి క్రియను మార్చకపోవడం, ‘తుమి ఖేయేఛేన్’ అనడం, ఈ దశలో సామాన్యంగా దొర్లే తప్పు. కొన్ని ఇళ్ళలో ఆ ఆహ్వానం ఎన్నటికీ రాదు. అట్టిచోట ‘ఆప్‌ని’యే ఉంటుంది, ప్రేమకు అది అడ్డు కాదు. ఇంటిలోని తక్కిన కోడళ్ళు ఏమంటున్నారో వింటే ఆ ఇంటి పద్ధతి తెలిసిపోతుంది.

‘తుమి’తోపాటు ‘గో’ అనే చిన్నమాట కూడా చేరుతుంది. ‘హ్యాఁ గో ఠాకుమా’ అంటే మన ‘అవునే అమ్మమ్మా’ అన్నంత ఆప్యాయం. ‘ఆప్‌ని’ అంటున్నన్నాళ్ళు దానిని దూరంగా ఉంచడమే మేలు. ‘ఓగో’ అన్న మాటతో మరింత జాగ్రత్త అవసరం. పేరు పలకని పాతకాలపు భార్య భర్తను పిలిచే పిలుపు అది, మన ‘ఏమండీ’వంటిది. ఠాకుమాను ‘ఓగో’ అని పిలిస్తే ఇల్లంతా నవ్వుతుంది.

ఇక ఠాకుమా ఏదో ఒకనాడు ‘తుమి’ని కూడా విడిచి ‘తుయి’ అనవచ్చును. ‘తుయి ఖేయేఛిస్?’ అని అడుగవచ్చును. పుస్తకంలో ‘తుయి’ చిన్నచూపు అని చదివిన పిల్ల నొచ్చుకోవచ్చును. నొచ్చుకోవలసిన పని లేదు. కన్నబిడ్డకు వాడే మాటను ఆమె కోడలికి ఇచ్చినది. అది పుచ్చుకోవలసినదే గాని తిరిగి ఇవ్వవలసినది కాదు. నాయనమ్మను ‘తుయి’ అనే హక్కు ఎవరికీ లేదు.

సెలవు

బయలుదేరునప్పుడు మనం ‘పోతున్నాను’ అనము, ‘వెళ్ళివస్తాను’ అంటాము. వంగభాష మరొక అడుగు ముందుకు వేసి, వెళ్ళడాన్ని పూర్తిగా విడిచిపెట్టినది. ‘ఆశి, ఠాకుమా’ అంటే ‘వస్తాను, నాయనమ్మా’ అని మాత్రమే. ‘జాచ్ఛి’, అంటే వెళుతున్నాను, అన్న మాట ఆ గడపలో అశుభంగా తోస్తుంది. జవాబుగా ఆమె ‘ఎశో’ అంటుంది; రా అని. సాగనంపుతూ రమ్మంటున్నదేమని తెల్లబోరాదు. వెళ్ళమనడానికి నోరు రాక ఆ భాష చేసుకున్న ఏర్పాటు అది. దానివెంట ‘దుర్గా, దుర్గా’ అని కూడా ఆమె గొణగవచ్చును. ప్రయాణం క్షేమంగా జరగవలెనని దేవిని తలచుకోవడమది.

ఇంటికి చేరిన తరువాత ఒక ఉత్తరం వ్రాస్తే ఠాకుమా దానిని దిండుక్రింద దాచుకుంటుంది. సంబోధన ‘శ్రీచరణేషు’. సంస్కృతం తెలిసినవారు ఇది సప్తమీ బహువచనమని వెంటనే గుర్తిస్తారు. శ్రీచరణముల యందు అని. ముగింపు ‘ఆమార్ ప్రొణామ్ నేబేన్’, నా ప్రణామం స్వీకరించండి అని. దసరా పండుగలలో దుర్గాప్రతిమను నిమజ్జనం చేసిన తరువాత విజయ ప్రణామం పంపడం అక్కడ ఆచారం గనుక, ఏడాదికొక ఉత్తరమే వ్రాయగలిగినవారు ఆ రోజులలో వ్రాయడం తగును. జవాబు వస్తే దాని తల మీద ‘కల్యాణీయాసు’ అని ఉంటుంది. అదీ సప్తమే. మన పెద్దలు వ్రాసే ‘చి.ల.సౌ.’కు దీటైన మాట. పాదముల యందు మొదలైన ఉత్తరానికి కల్యాణిని యందు మొదలయ్యే జవాబు అది. ఆ ఉత్తరం లోపల ఆమె ‘తుమి’ అని వ్రాసినదో ‘తుయి’ అని వ్రాసినదో చూచుకుంటే, ఆ ఇంటిలో తన చోటు ఏదో కోడలికి తెలుస్తుంది.